60 ఎఫ్‌పీఎస్ వస్తున్నా కారు ఎందుకు కుదుపుతుంది?

మొన్న అమలాపురంలో మా బావ వాళ్లింటికి వెళ్లాను. మూడు మానిటర్లు, టేబుల్‌కి బిగించిన స్టీరింగ్ వీల్, కింద పెడల్స్. సెటప్ అదిరింది. కానీ మలుపు దగ్గరికొచ్చేసరికి బండి రోడ్డు దిగిపోతోంది. "60 ఎఫ్‌పీఎస్ చూపిస్తోంది కదరా, నా చేతిదే తప్పేమో" అన్నాడు. చేతిది కాదండి. ఆ 60 సగటు మాత్రమే.

ఎలాగో చూడండి. సెకనుకి 1000 మిల్లీసెకన్లు. 58 ఫ్రేములు ఒక్కోటి 15 మిల్లీసెకన్లలో వచ్చాయనుకోండి, 870 అయింది. మిగతా రెండు ఒక్కోటి 65 తీసుకున్నాయి, అది 130. మొత్తం 1000, ఫ్రేములు 60. కౌంటర్ 60 అనే చూపిస్తుంది. కానీ 200 కిలోమీటర్ల స్పీడులో ఆ 65 మిల్లీసెకన్లలో కారు మూడున్నర మీటర్లు వెళ్లిపోతుంది. అంతసేపూ మీ కంటి ముందు పాత బొమ్మే ఉంటుంది.

వీల్ మాత్రం ఆగదు. అసెట్టో కోర్సాలో ఫిజిక్స్ లెక్క సెకనుకి 333 సార్లు జరుగుతుంది. వీల్‌లో తెలిసే బలం అక్కడినుంచే వస్తుంది. టైరు జారడం చేతికి ముందే తెలుస్తుంది, కంటికి ఆలస్యంగా కనిపిస్తుంది. అప్పుడు స్టీరింగ్ ఎక్కువ తిప్పేస్తాం.

మరి బావ పీసీలో ఏం చేశాం? MSI Afterburner తెరిచి, Monitoring ట్యాబ్‌లో Frametime ఆన్ చేసి గ్రాఫ్ పెట్టాం. గీత సాఫీగా ఉండాలి. మాకు ముళ్లలా పైకి లేచింది.

ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఒక్కదానికి దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్. మూడైతే 62 లక్షలు. అందుకే ముందు రిజల్యూషన్ తగ్గించి చూశాం. ముళ్లు పోతే భారం గ్రాఫిక్స్ కార్డుది. పోలేదు! అంటే అనుమానం ప్రాసెసర్ మీద. మూడు తెరలకి మూడు కోణాల్లో సీన్ సిద్ధం చేయాలి, పైగా అద్దంలో వెనక దృశ్యం మళ్లీ గీయాలి. అద్దం క్వాలిటీ దించాం, పోటీ కార్లు 24 నుంచి 14 చేశాం. ఫ్రేములన్నీ 14 మిల్లీసెకన్ల లోపే వచ్చాయి.

ఆ తర్వాతే 60కి లిమిట్ పెట్టాం. ఆ లెక్కన ఒక్కో ఫ్రేముకి 16.7 దొరుకుతుంది, కొంచెం ఖాళీ మిగిలింది. ముందే లిమిట్ పెట్టుంటే ఆ 65 ముళ్లు అలాగే ఉండేవి. లిమిట్ అనేది వేగంగా వచ్చే ఫ్రేముని ఆపుతుందే గానీ, ఆలస్యమయ్యేదాన్ని తొందరపెట్టలేదు.

ఫ్లైట్ సిమ్‌కి ఇంత వేగం అక్కర్లేదు. మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి లేచి గోదావరి పాయల మీదుగా అంతర్వేది దాకా ఎగరడానికి నిలకడైన 30 చాలు, అంటే ఒక్కో ఫ్రేముకి 33 మిల్లీసెకన్లు. ఊగిసలాడే 50 కంటే అదే హాయి.

కొత్త కార్డు కొనేముందు ఆ గీత ఒకసారి చూడండి. బావ ఇప్పుడు అదే మలుపు రోడ్డు దిగకుండా తిప్పుతున్నాడు. ఉంటానండి.