తలనొప్పి లెక్క: క్యాలెండర్ డబ్బాల్లో నేను రాసింది, డాక్టర్ చదివింది

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది అడిగారు, "అక్కా, నీ తలనొప్పి ఎట్ల తగ్గింది, ఏ గోలి వేసుకున్నవ్" అని. గోలి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ఈ వీడియో అయిపోయేలోపు మీకే అర్థమవుతుంది. ఈరోజు చెప్పేది ఒక కాగితం గురించి.

నేను జనగామలో ఒక బట్టల షాపులో అకౌంట్లు చూస్తా. సంక్రాంతి దాటినప్పటి నుంచి తలకాయ నొప్పి ఎక్కువైంది. డాక్టర్ దగ్గరికి పోతే మొదటి ప్రశ్న, "నెలకు ఎన్ని రోజులమ్మా?" నేను "అప్పుడప్పుడు వస్తది సార్" అన్న. "ఎంతసేపు ఉంటది?" "చాలాసేపు." "గోలీలు ఎన్ని వేసుకుంటవ్?" "ఎప్పుడో ఒకటి." ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఒక నెల రాసుకొని రామ్మా, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. నిజం చెప్తున్నా, నాకు కోపమొచ్చింది. నొప్పితో పోతే హోంవర్క్ ఇచ్చినట్టు అనిపించింది.

మొదట ఫోన్‌లో రాద్దామనుకున్న. కానీ నొప్పి గట్టిగా ఉన్నప్పుడు స్క్రీన్ వెలుతురు చూడబుద్ధి కాదు, నాలుగు రోజులకే మానేసిన. అప్పుడు గోడ మీద క్యాలెండర్ కనపడింది. అమ్మ అందులో పాల లెక్క రాస్తది, గ్యాస్ బండ వచ్చిన తారీఖు రాస్తది. అలాంటిదే ఇంకొకటి తెచ్చి మంచం పక్కన వేలాడేసిన, దానికే ఒక పెన్ను కట్టిన. జూన్ ఒకటిన మొదలుపెట్టిన.

ఒక్కో డబ్బాలో ఏం రాయాలో డాక్టర్ చెప్పారు. నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్నింటికి పోయింది. తీవ్రత ఒకటి, రెండు, మూడు. పదికి ఎంత అని అడిగితే మనం మూడ్‌ని బట్టి చెప్తాం కాబట్టి ఆయన పనితో కొలవమన్నారు. నొప్పి ఉన్నా పని నడిస్తే ఒకటి. పని సగమే నడిస్తే రెండు. లైట్ ఆర్పి పడుకోవాల్సి వస్తే మూడు. ఆ తర్వాత గోలి: ఏది, ఎన్ని, ఎన్ని గంటలకు, రెండు గంటల తర్వాత తగ్గిందా లేదా. నెలసరి మొదలైన రోజుకు ఒక చుక్క. ఇంతే. అంతా కలిపి అరనిమిషం పని.

ఇంకో మాట గట్టిగా చెప్పారు. నొప్పి లేని రోజు కూడా డబ్బా ఖాళీగా వదలొద్దు, సున్నా పెట్టమన్నారు. ఖాళీగా ఉంటే నొప్పి రాలేదా, రాయడం మర్చిపోయావా అనేది తెలియదు కదా. ఈ సున్నా ఎందుకంత ముఖ్యమో నాకు నెలాఖరుకు తెలిసింది.

మా ఇంట్లో అందరి అనుమానం వంకాయ మీద. వంకాయ తింటే తలనొప్పి అని అమ్మమ్మ తీర్పు. అందుకే తిన్నప్పుడల్లా "వం" అని రాసిన. నెల తిరిగేసరికి లెక్క చూస్తే, మొత్తం 18 రోజులు నొప్పి. వంకాయ తిన్నది 5 రోజులు, అందులో నొప్పి వచ్చింది 2 రోజులే. తినని 25 రోజుల్లో 16 రోజులు నొప్పి. అంటే వంకాయ పాపం ఏమీ లేదు. తిన్న రోజు వచ్చిన నొప్పి మనకు గుర్తుంటది, తిన్నా రాని రోజు గుర్తుండదు. సున్నాలు లేకపోతే నేను ఇప్పటికీ గుత్తి వంకాయ తినకుండా ఉండేదాన్ని.

అసలు దొంగ వేరే చోట దొరికింది. శనివారం నేను ఒక్కపొద్దు ఉంటా, సాయంత్రం దాకా ఏం తినను. జూన్‌లో నాలుగు శనివారాలు, నాలుగింటికి నాలుగు సాయంత్రాలు నొప్పి, అందులో రెండు తీవ్రత మూడు. మిగతా రెండు "మూడు"లు ఎక్కడున్నాయంటే, చుక్క పెట్టిన రోజు, దాని ముందు రోజు. మైగ్రేన్ ఉన్న కొందరు ఆడవాళ్లకు నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మొదలయ్యాక మూడో రోజు దాకా నొప్పి వచ్చే అవకాశం ఎక్కువట. ఒక్క నెలతో ఖాయం చేయలేం, ఇంకో రెండు నెలలు చూద్దాం అన్నారు డాక్టర్.

ఇక్కడ నేను ఒక దగ్గర పొరపాటు పడిన. నొప్పి ముందు రోజు సాయంత్రం చాలాసార్లు "స్వీట్ తిన్న" అని రాసుకున్న. స్వీటే కారణం అనుకున్న. డాక్టర్ చూసి, "ఆ టైంకి ఆవలింతలు వస్తున్నయా, మెడ పట్టేసినట్టు ఉంటదా?" అని అడిగారు. ఉంటది. మైగ్రేన్ తల నొప్పెట్టడానికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ముందు రోజే మొదలవుతుందట. తీపి తినాలనిపించడం కూడా అందులో భాగం కావచ్చు. అంటే స్వీట్ తినడం వల్ల నొప్పి కాదు, నొప్పి వస్తున్నందువల్ల స్వీట్.

కానీ ఆయన కాగితంలో ఎక్కువసేపు చూసింది ఇవేవీ కాదు. గోలి వరుస. ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటి సున్నా చుట్టుకుంటూ పోయారు. 13 రోజులు. "ఎప్పుడో ఒకటి" అన్నదాన్ని నేనే! మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గోలి, పారాసిటమాల్‌కు ఇంకో నొప్పి మందు, కెఫీన్ కలిపింది. ఇలా రెండు మూడు మందులు కలిపిన గోలి నెలకు 10 రోజులు, లేదా ఒట్టి పారాసిటమాల్ లాంటిది 15 రోజులు, మూడు నెలలకు మించి వేసుకుంటూ పోతే ఆ గోలీల వల్లే తలనొప్పి రోజులు పెరగొచ్చట. లెక్కించేది ఎన్ని గోలీలు అని కాదు, ఎన్ని రోజులు అని. ఒకే రోజు మూడు వేసుకున్నా అది ఒక రోజే. నాకు 18లో 9 రోజులు నిద్ర లేవగానే నొప్పి. ముందు రోజు వేసుకున్న మందు దిగిపోయాక తల మళ్లీ అడుగుతున్నదన్నమాట. సంక్రాంతి నుంచి ఇట్లనే వేసుకుంటున్నవా అని అడిగితే, అవునని ఒప్పుకున్న.

ఆ గోలి ఆపించారు. రోజూ వేసుకోవడానికి ఒక మందు, గట్టి నొప్పికి వేరే ఒకటి ఇచ్చి, రెండోది వారానికి రెండు రోజులు దాటొద్దన్నారు. మొదటి పది రోజులు నరకం, 8 డబ్బాల్లో నొప్పి. ఇట్ల పెరుగుతదని ముందే చెప్పారు కాబట్టి మెడికల్ షాపుకు పరుగెత్తలేదు. మూడో నెల కాగితంలో 6 రోజులు నొప్పి, 4 రోజులు గోలి. ఒక్కపొద్దు మానలేదు, కానీ మధ్యాహ్నం పాలు, పండ్లు తీసుకుంటున్న.

నా గోలి పేరు అడగొద్దన్నది ఇందుకే. నా కాగితం చూసి ఇచ్చిన మందు అది. మీరు మామూలుగా డాక్టర్ రాసిన మందులు వాడుతుంటే, ఈ వీడియో చూసి సొంతంగా ఆపకండి కూడా.

ఒక్క విషయంలో మాత్రం డైరీ రాస్తూ కూర్చోవద్దు. ఒక్కసారిగా క్షణాల్లో భరించలేనంత నొప్పి, జ్వరంతో మెడ వంగకపోవడం, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలాక నొప్పి: వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆస్పత్రికి పోవాలి, రాత్రయినా సరే.

నేను నెలాఖరుకు ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటా. పోయినసారి కాగితం ఇంట్లో మరిచిపోయి పోతే, ఆ ఫొటోనే జూమ్ చేసి చూశారు సార్. చూడ్డానికి ఆయనకు పట్టింది రెండు నిమిషాలు. సరే, ఉంటా మరి.