చెక్కు మీద రెండో సంతకం ఎవరిది?

(బీర్కూర్‌లో మహిళా సంఘాల సభ్యుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

మీకిచ్చిన ప్రశ్నల కాగితంలో మొదటివాటిని త్వరగా ముగిద్దాం.

పంచాయతీ ఎన్నికలు నడిపేదెవరు? రాష్ట్ర ఎన్నికల సంఘం. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు నడిపే భారత ఎన్నికల సంఘం వేరు.

పంచాయతీ ఎన్నికల్లో ఒకరికి ఎన్ని ఓట్లు? రెండు. గులాబీ రంగు కాగితం మీద సర్పంచ్‌కి, తెల్ల కాగితం మీద వార్డు సభ్యునికి. వీటిలో పార్టీ గుర్తులుండవు. మన జిల్లాలో కూడా 2025 డిసెంబరులో జరిగినవి ఇవే. మండల, జిల్లా పరిషత్ సభ్యుల ఎన్నికలు వేరు, వాటికి పార్టీ గుర్తులుంటాయి.

ఉప సర్పంచ్‌ని ఎవరు ఎన్నుకుంటారు? ఈ ప్రశ్నకి చాలామంది 'ఊరివాళ్ళు' అని రాశారు. కాదు. గెలిచిన వార్డు సభ్యులు తమలోంచి ఒకరిని చేతులెత్తి ఎన్నుకుంటారు. అక్కడ సర్పంచ్‌కీ ఓటుంటుంది. కాగితంలో ఒక్క మార్కు ప్రశ్నే గానీ, నా దృష్టిలో అసలు విషయం ఇదే.

ఎందుకంటే 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ నిధుల చెక్కు మీద సంతకం చేసే అధికారాన్ని సర్పంచ్‌కీ ఉప సర్పంచ్‌కీ కలిపి ఇచ్చింది. అంతకుముందు రెండో సంతకం కార్యదర్శిది. సర్పంచ్, వార్డు స్థానాల్లో సగం స్త్రీలకు కేటాయించిన చట్టమే ఉప సర్పంచ్ పదవికి ఏ రిజర్వేషనూ పెట్టలేదు. కనుక ఊరంతా ఓటేసి ఒక స్త్రీని గెలిపించినా, మోరీ తీయించిన కూలీ డబ్బు కదలాలంటే మరొకరి సంతకం కావాలి. ఆ మరొకరు సర్పంచ్‌గా పోటీ చేయలేక వార్డు నుంచి వచ్చిన పెద్దమనిషే కావచ్చు.

పది వార్డుల ఊరు అనుకుందాం. అయిదు వార్డులు స్త్రీలవి, సర్పంచ్ కూడా స్త్రీ. ఉప సర్పంచ్ ఎన్నికలో ఉన్నవి పదకొండు ఓట్లు, అందులో ఆరు స్త్రీలవే! అయినా ఆ పదవి సాధారణంగా మగవారికే పోతుంది. ఫలితాలు రాగానే, అదే రోజు, ఈ ఎన్నిక పెడతారు. అప్పటికే బేరం ఎవరింటి అరుగు మీదో కుదిరి ఉంటుంది. కొత్తగా గెలిచిన ఆడవాళ్ళను 'చెయ్యెత్తమ్మా' అంటారు, వాళ్ళు ఎత్తుతారు. ఎవరికి ఎత్తాలో నామినేషన్ వేసిన రోజునుంచే మాట్లాడుకోవాలి. ఫలితాల రాత్రి అందుకు సమయం చాలదు.

ఇక చెక్కు ఆగితే ఎట్లా తెలుస్తుంది? పని పూర్తయి, తీర్మానమై, బిల్లు సిద్ధమై కూడా డబ్బు రాదు. అడిగితే 'చూద్దాం లే' అంటారు. అప్పుడు మాటలతో పోట్లాడకండి. తీర్మానం నకలు తీసుకోండి, సంతకానికి ఏ రోజు పంపారో రాసిపెట్టండి, రెండూ జతచేసి జిల్లా పంచాయతీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. తీర్మానాల పుస్తకంలో మీ సంతకం పెట్టేముందు మాత్రం, పైన రాసింది ఎవరితోనైనా చదివించుకోండి. ఖాళీ పేజీ కింద సంతకం అడిగితే పెట్టకండి.