గోడమీద మాట - మిగతా సగం
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను మాట్లాడమన్న కారణం మీలో చాలామందికి తెలుసు. మన బడి గోడలకు వెల్ల వేయించే పని మొదలైంది కదా. ప్రార్థన జరిగే వరండా గోడమీద మన కాలం నుంచీ ఉన్న మాట ‘అహింసా పరమో ధర్మః’. రంగు వెలిసిపోయింది, తిరిగి రాయించాలి. అప్పుడు మన బ్యాచ్ గ్రూపులో ఒక మిత్రుడు (పేరు చెప్పను, రెండో వరుసలోనే కూర్చుని నవ్వుతున్నాడు) ఒక సందేశం పెట్టాడు. “అది సగం శ్లోకమేరా. మిగతా సగం దాచిపెట్టి మనకు నేర్పారు. ‘ధర్మహింసా తథైవ చ’ అని ఉంది మహాభారతంలో. ధర్మం కోసం చేసే హింస కూడా పరమధర్మమే అని దాని అర్థం. ఈసారి పూర్తిగా రాయిద్దాం” అన్నాడు. దాంతో గ్రూపు రెండుగా చీలింది. యాభై ఏళ్ళుగా ‘ఒరేయ్’ అనుకున్నవాళ్ళు ‘మీరు’ అనుకోవడం మొదలుపెట్టారు. చివరికి, “ఒరేయ్ పంతులూ, నువ్వు తెలుగు, సంస్కృతం చెప్పి రిటైరయ్యావు కదా, చూసి చెప్పు” అని నామీద పెట్టారు.

చూశాను. చూసిందే చెబుతాను.

ముందు చిన్న లెక్క. మన తెలుగు మాస్టారు గణవిభజన చేయించేటప్పుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టించేవారు, గుర్తుందా? అలాగే మడవండి. భారతంలో ఎక్కువగా కనిపించే అనుష్టుప్ శ్లోకానికి 4 పాదాలు, పాదానికి 8 అక్షరాలు, మొత్తం 32. మన గోడమీది మాట 8 అక్షరాలు, అంటే ఒక పాదం. మిత్రుడు పంపినది కూడా సరిగ్గా 8. అందుకే రెండూ కలిపి చదివితే చెవికి ఎక్కడా తగలదు. పైగా ‘తథైవ చ’ అనేది పాదం చివర అక్షరాలు సరిపెట్టడానికి కవులు వందలసార్లు వాడిన ముక్క. విన్నట్టే ఉంటుంది. కానీ రెండూ కలిపినా 16 అక్షరాలే అయ్యాయి. ‘పూర్తి శ్లోకం’ అని తిరుగుతున్నది నిజానికి అర్ధశ్లోకం. మరి మూడో పాదం, నాలుగో పాదం ఏవి? ఆ ప్రశ్న వేస్తే గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు. పర్వం ఏది, అధ్యాయం ఏది, ఎవరు ఎవరితో అన్నారు అన్న ప్రశ్నలకూ అంతే.

ఇక పుస్తకం దగ్గరికి వెళ్దాం. పూనాలోని భండార్కర్ సంస్థ పండితులు దేశమంతటి రాతప్రతులు పోల్చి, 1966 నాటికి భారతం పాఠాన్ని పరిష్కరించి పూర్తిచేశారు. అందులో పాఠం కిందనే, ఏ ప్రతిలో ఏ తేడా ఉందో కూడా అచ్చువేశారు. కాబట్టి ‘మా ప్రాంతం ప్రతిలో ఉంది’ అన్నా అడుగున వెతుక్కోవచ్చు. మన గోడమీది పాదం భారతంలో ముఖ్యంగా మూడు సందర్భాల్లో వస్తుంది. ఆదిపర్వంలో ఒక పాము అంటుంది, అరణ్యపర్వంలో ఒక మాంసం అమ్మేవాడు అంటాడు, అనుశాసనపర్వంలో అంపశయ్యమీద ఉన్న భీష్ముడు అంటాడు. ఆ మూడింటిలో ఒక్కచోట కూడా దాని తర్వాత మిత్రుడు పంపిన పాదం లేదు. ఆదిపర్వంలో వాక్యం ‘సమస్త ప్రాణుల విషయంలోనూ’ అన్న అర్థంతో సాగుతుంది. అరణ్యపర్వంలో ‘ఆ అహింస సత్యంమీద నిలబడి ఉంది’ అని సాగుతుంది. భీష్ముడి నోట అహింసే గొప్ప నిగ్రహం, గొప్ప దానం, గొప్ప తపస్సు అంటూ మాల కట్టినట్టు సాగుతుంది.

ఇక్కడితో ఆపేస్తే ఒక వర్గం చప్పట్లు కొడుతుందని తెలుసు. కొంచెం ఆగండి. ఎందుకంటే మిగతా సగం నిజంగానే ఉంది. మిత్రుడు పంపినది మాత్రం అది కాదు.

ఆదిపర్వం కథ వినండి. నన్నయగారు తెలుగు చేసిన భాగమే. భృగువంశంలో రురుడనే యువకుడు. అతనికి ఇవ్వాలనుకున్న కన్య ప్రమద్వర. పెళ్ళికి ముందే పాము కరిచి చనిపోతుంది. రురుడు ఏడ్చి ఏడ్చి తన ఆయుష్షులో సగం ఇచ్చి ఆమెను బతికించుకుంటాడు. పెళ్ళయింది, కథ సుఖాంతమే. కానీ కోపం చల్లారలేదు. కనిపించిన పామునల్లా చంపుతానని దుడ్డుకర్ర పట్టుకుని అడవులు తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఒక ముసలి డుండుభం కనిపించింది. డుండుభం అంటే విషం లేని పాము. కర్ర ఎత్తాడు. అది అడిగింది: అయ్యా, నేను నీకేం చేశాను? కరిచే పాములు వేరు, మేము వేరు. ఆకారం ఒక్కటైనంత మాత్రాన చంపుతావా?

రురుడి కర్ర ఆగింది. ఎవరు నువ్వని అడిగితే ఆ పాము తన కథ చెప్పింది. పూర్వం అతను సహస్రపాదుడనే ముని. ఖగముడనే స్నేహితుడు అగ్నిహోత్రం చేసుకుంటుంటే గడ్డితో పామును చేసి సరదాగా బెదిరించాడు. అతను భయంతో మూర్ఛపోయి, లేచి శపించాడు. రురుణ్ణి చూడగానే శాపం తీరుతుంది. ఆ తీరే క్షణంలో, ముని రూపం వచ్చాక అన్న మాట ఇది. పాము చావులకు పాములన్నిటిమీద పగబట్టి, కర్ర ఎత్తి నిలబడ్డ మనిషితో, ఆ దెబ్బ తినబోయిన ప్రాణి అన్న మాట. గోడమీద చదివినన్నేళ్ళూ నాకు ఇది తెలియదు. ఎవరో తెల్లబట్టల పెద్దాయన చేతులెత్తి దీవిస్తూ అన్నట్టు ఊహించుకునేవాణ్ణి.

సరే, ఆ తర్వాత ఏమంది? ఇదీ కత్తిరించకూడదు. ‘కాబట్టి బ్రాహ్మణుడు ఏ ప్రాణినీ హింసించకూడదు. నీది క్షత్రియుడి ధర్మం కాదు. దండం పట్టడం, ఉగ్రంగా ఉండడం, ప్రజలను కాపాడడం వాళ్ళ పని’ అంటుంది. అంటే అందరికీ, అన్నివేళలా ఒకే కొలత అని ఆ సందర్భం చెప్పడం లేదు. రాజుకు శిక్షించే బాధ్యత ఉందని ఒప్పుకుంటోంది. మిత్రుడు ఊరట పడవచ్చు. కానీ ఆ ఒప్పుకున్నది ఏమిటో చూడండి. దండం పట్టే అధికారం ఒక పదవికి, ఆ పదవి బాధ్యతకు కట్టుబడి ఉంది. రురుడి బాధ నిజమే, అతని కోపానికి కారణమూ ఉంది. అయినా ‘అది నీ పని కాదు’ అనే అంటోంది. దీన్ని తీసుకుని, ఎవరికి వారు ధర్మమనుకున్నదాని కోసం కర్ర ఎత్తడం పరమధర్మం అనడానికి వీల్లేదు. ఆ పాదం రాసినవాడెవడోగాని, చాలా జాగ్రత్తగా గీసిన గీతను చెరిపేశాడు.

వెంటనే ఆ ముని ఇంకో మాటకు వెళతాడు: జనమేజయుడు సర్పయాగం చేస్తే ఆస్తీకుడు ఆపాడు అని. రురుడి కథ భారతంలో అక్కడ ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది. ఒక పాము తన తండ్రిని కరిచిందని పాములన్నిటినీ మంటలో వేయించిన రాజు అతను. రురుడు కర్రతో చేస్తున్నది ఆ రాజు యాగంతో చేశాడు.

అరణ్యపర్వంలోది ఎర్రన తెలుగు చేసిన ధర్మవ్యాధుడి కథ. కౌశికుడి కథ అంటే గుర్తుపడతారు, కొంగను కోపంగా చూసి కాల్చిన ఆయన. మిథిలలో మాంసం కొట్టు నడుపుకునే వ్యాధుడి దగ్గరికి ధర్మం నేర్చుకోవడానికి వస్తాడు. ఆ వ్యాధుడు తాను చంపడు, తినడు, ఇతరులు తెచ్చింది అమ్ముతాడు. అది కూడా కప్పిపుచ్చుకోడు. నాగలి దున్నితే ఎన్ని ప్రాణులు చస్తాయో, నడిస్తే కాళ్ళకింద ఎన్ని నలుగుతాయో, గింజలోనూ ప్రాణం ఉందో లేదో చూడమంటాడు. లోకంలో హింస చేయనివాడు లేడు, యతులు కూడా చేస్తారు, కాకపోతే ప్రయత్నంతో తగ్గించుకుంటారు అంటాడు. అలాంటివాడి నోటి నుంచి అహింస పరమధర్మమని, అది సత్యంమీద నిలబడిందని వచ్చింది. నా మట్టుకు నాకు మూడింటిలో ఇదే ఇష్టం. చేసే హింసను ‘ఇదీ ధర్మమే’ అని పేరు మార్చకుండా, హింసేనని ఒప్పుకుంటున్నాడు.

భీష్ముడి సందర్భం త్వరగా దాటేస్తాను. అక్కడ చర్చ యుద్ధం గురించి కానేకాదు, మాంసాహారం గురించి. ధర్మరాజు అడిగినది అదే. అక్కడా వేటాడే క్షత్రియులకు మినహాయింపు ఉంది, మృగం ప్రాణం ఎంత ప్రమాదంలో ఉందో వేటగాడి ప్రాణమూ అంతే అన్న వాదనతో. కాబట్టి ఆ పాదాన్ని పట్టుకుని భారతం యుద్ధమే వద్దన్నదని చెప్పేవాళ్ళు కూడా సందర్భాన్ని దాటుతున్నారు. ఆ మాట చెబుతున్నవాడి ఒంటినిండా బాణాలున్నాయి కదా.

ఇంతకీ గోడ సంగతి. కమిటీ వాళ్ళు నిన్న సాయంత్రం అడిగితే నాకు తోచింది చెప్పాను. పాత మాట పాతట్టే ఉంచండి, కింద చిన్న అక్షరాలతో ‘మహాభారతం, ఆదిపర్వం, 11వ అధ్యాయం - కర్ర ఎత్తిన రురుడితో సహస్రపాదుడు’ అని రాయించండి అన్నాను. పిల్లలు ఎవరీ రురుడు అని అడుగుతారు, తెలుగు టీచరుగారికి పని దొరుకుతుంది. రెండో వరుస మిత్రుడు సరేనన్నాడు, కానీ ధర్మవ్యాధుడి పేరు కూడా ఉండాలని పట్టుబట్టాడు. పెయింటరు అక్షరానికి ఇంత అని చెప్పాడట. ఆ పెరిగిన ఖర్చు మావాడు ఇస్తానన్నాడు. కోశాధికారిగారు ఇక్కడే ఉన్నారు, మీ అందరి ముందూ చెప్పేశాను కనుక ఇక వాడు తప్పించుకోలేడు.