రాజీనామా రాయించే ముందు

ఈ రోజు న్యాయశాస్త్రంలో పట్టా అందుకున్న మీ అందరికీ నా అభినందనలు.

నేను మానసిక వైద్యుణ్ని. స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బులున్న వాళ్ల కుటుంబాలు మొదట్లో నన్ను మందుల గురించే అడుగుతాయి. కొన్నాళ్లకు ప్రశ్నలు మారిపోతాయి. ఉద్యోగం ఉంచుతారా? సదరం సర్టిఫికెట్ వస్తుందా? సెలవులు అయిపోయాయి, ఇప్పుడేం చెయ్యాలి? వీటికి నా మందుల చీటీలో జవాబు లేదు, మీరు చదివిన చట్టంలో ఉంది. అందుకే ఈ పూట ఆ చట్టం గురించే మాట్లాడతాను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూల్లో మానసిక అనారోగ్యం కూడా ఒక వైకల్యం. దీర్ఘకాలం ఉండే ఇబ్బంది ఒకటి, దానికి తోడు చుట్టూ ఉన్న అడ్డంకులు, ఈ రెండూ కలిసి మనిషిని నలుగురితో సమానంగా బతకనివ్వకపోతే దాన్నే చట్టం వైకల్యం అంటుంది. మనోసామాజిక వైకల్యం అంటున్నది ఇందుకే. చెవిలో మాటలు వినిపించడం జబ్బు లక్షణం. అది తగ్గి ఆఫీసుకు తిరిగొచ్చిన మనిషికి ఎవరూ ఫైలు ఇవ్వకపోవడం అడ్డంకి. మొదటిది నా పని, రెండోది మీ పని.

ఈ జబ్బులతో చిక్కేమిటంటే ఇవి వస్తూ పోతూ ఉంటాయి. బైపోలార్ ఉన్న మనిషి ఏడాదిలో ఎనిమిది నెలలు మీలాగా నాలాగా ఉండొచ్చు. ఢిల్లీలో సరిగ్గా ఈ విషయం మీదే ఒక యువకుడు పోరాడాల్సి వచ్చింది. బైపోలార్ ఉన్న ఆయన ఢిల్లీ జ్యుడీషియల్ సర్వీసు పరీక్ష వికలాంగుల కోటాలో రాశాడు. జబ్బు నిజమే గానీ వైకల్యం శాశ్వతం కాదు కాబట్టి కోటా వర్తించదని నియామకం నిరాకరించారు. 2020 మేలో ఢిల్లీ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఈ జబ్బు జీవితాంతం తగ్గుతూ తిరగబెడుతూ ఉంటుంది, తగ్గిన కాలంలో బాగున్నంత మాత్రాన కోటా హక్కు పోదు అన్నది దాని సారాంశం. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎయిమ్స్ వైద్యుల బోర్డు ఆయన్ని పరీక్షించి, న్యాయాధికారి పని చేయగలడని చెప్పింది. 2021 డిసెంబరులో తీర్పు ఆయన పక్షానే వచ్చింది. కోటా అడిగితే 'నీకు జబ్బు లేదు' అనడం, ఉద్యోగం ఇవ్వాల్సి వస్తే 'నీకు జబ్బు ఉంది' అనడం ఈ జబ్బుల విషయంలో మామూలైపోయింది. ఆ రెండు మాటలనూ ఒకే కేసులో ఎదుర్కొన్న తీర్పు కాబట్టి చదవమని చెబుతున్నాను.

సర్టిఫికెట్ దగ్గర ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. మానసిక వైకల్యాన్ని ఐడియాస్ అనే కొలమానంతో లెక్కిస్తాం. తన ఒంటి పనులు తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేసుకోవడం అని నాలుగు అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా పాయింట్లు. వాటికి గత రెండేళ్లలో ఎన్ని నెలలు జబ్బుతో ఉన్నారన్నదానికి మరో 1 నుంచి 4 కలుపుతాం. మొత్తం 8 వస్తే 40 శాతం వైకల్యం కిందికి వస్తారు. రిజర్వేషన్‌కు ఆ 40 శాతమే గీత.

స్కిజోఫ్రీనియా ఉన్న ఒక జూనియర్ అసిస్టెంట్‌ను ఊహించుకోండి. స్నానం, భోజనం తానే చూసుకుంటాడు, 0. ఇంట్లో వాళ్లతో తప్ప ఎవరితోనూ కలవడు, 2. మాట తడబడుతుంది, 1. పని సగమే చేయగలుగుతున్నాడు, 2. రెండేళ్లలో 14 నెలలు జబ్బుతో ఉన్నాడు, దానికి 3. మొత్తం 8. కానీ సదరం క్యాంపు రోజున వాళ్లమ్మ అతనికి ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి తీసుకొస్తుంది. అడిగితే 'అందరితో బాగానే ఉంటాడండీ, మధ్యలో ఓ ఆర్నెల్లు తేడా చేసింది అంతే' అంటుంది. ఆ తల్లి పరువు కోసం అన్న రెండు మాటలతో నలుగురితో మెలగడానికి 0, కాలానికి 1 పడుతుంది. 8 కాస్తా 4 అయిపోతుంది. పక్కన మీరుంటే ఆమెకు ముందే చెప్పండి: సెలవు చీటీలు, ఆసుపత్రిలో చేరిన కాగితాలు, మందుల చీటీలు తారీఖుల వరసలో పెట్టుకు రమ్మనండి. ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి.

ఒకవేళ 40 శాతం రాకపోతే? కోటా ఉండదు. అయినా వివక్ష నుంచి రక్షణ, సహేతుకమైన సర్దుబాటు పొందే హక్కు పోవు. పరీక్షలో సహాయకుడి కోసం వచ్చిన ఒక కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. సర్దుబాటు అంటే పెద్ద ఖర్చేమీ కాదు. బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది, కాబట్టి రాత్రి షిఫ్టు వేయకపోవడం. లిథియం వాడేవాళ్లకు రక్తపరీక్ష రోజున సెలవు ఇవ్వడం. స్కిజోఫ్రీనియా మందులతో పొద్దున మత్తుగా ఉండేవాళ్లను గంట ఆలస్యంగా రానివ్వడం, పనిని నోటితో కాక కాగితం మీద రాసివ్వడం.

ఇక ఉద్యోగం. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన వాళ్లను ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టులో ఉంచాలి. ఇదే సెక్షన్ 20(4). సీఆర్‌పీఎఫ్‌లో ఓసీడీ, డిప్రెషన్ ఉన్న ఒక అధికారి మీద ప్రవర్తన బాగాలేదని క్రమశిక్షణ చర్యలు మొదలుపెడితే, 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఆ చర్య వెనక వైకల్యం ఒక కారణమని చూపిస్తే చాలు, అదొక్కటే కారణమని నిరూపించనక్కర్లేదంది. ఆయనకు తుపాకీతో పని లేని ఉద్యోగం, పాత జీతం దక్కాలంది.

అయితే 20(4) ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కంపెనీ సమాన అవకాశాల విధానం ప్రకటించాలని చట్టం చెబుతుంది గానీ, ఉద్యోగం ఉంచి తీరాలన్న ఇంత గట్టి మాట అక్కడ లేదు. అది చట్టంలో లోపమే. పూడ్చాల్సిన తరం మీది.

నేను ఎక్కువగా చూసే నష్టం మాత్రం ఇంటి దగ్గరే జరుగుతుంది. జబ్బు ముదిరిన వారంలో ఆఫీసు నుంచి ఒకరొచ్చి, 'రాజీనామా రాసిచ్చేయండి, గౌరవంగా ఉంటుంది' అంటారు. అన్న రాస్తాడు, తమ్ముడు సంతకం పెడతాడు. చూపు కోల్పోయిన ఒక ఉద్యోగి ఇలాగే తెలియక పదవీ విరమణ కోరితే, పాత చట్టం కింద 2008లోనే సుప్రీంకోర్టు అతన్ని తిరిగి తీసుకోమంది. హక్కుల గురించి చెప్పాల్సిన బాధ్యత యజమానిదే అంది. కానీ ఆ న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా నడిచే ఓపిక ఎన్ని ఇళ్లకుంటుంది?

మీ ఊళ్లో, మీ వీధిలో అలాంటి కాగితం రాస్తున్న ఇల్లు ఒకటి మీ దృష్టికి రాక మానదు. ఫీజు సంగతి తర్వాత చూసుకోండి. ముందు ఆ ఇంటికి వెళ్లి, రాజీనామా రాయొద్దని చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగమైతే, దాని బదులు సెక్షన్ 20(4) కింద పని మార్పు అడుగుతూ అర్జీ మీ చేత్తో రాసిపెట్టండి.