వినకుండా రద్దు చేయకూడదు



మా సంఘంలో ఒక అక్క రేషన్ షాపు నడుపుతుంది. ఒకరోజు మధ్యాహ్నం అధికారులు తనిఖీకి వచ్చారు. రిజిస్టరు ప్రకారం ఉండాల్సిన బియ్యంలో 140 కిలోలు తక్కువ ఉన్నాయని పంచనామా రాసుకుని వెళ్ళారు. పది రోజులకి డీలర్‌షిప్ రద్దు చేశామని కాగితం వచ్చింది. మధ్యలో అక్కని ఒక్క మాట అడగలేదు. అక్క ఏడుస్తా, "తప్పయిపోయింది, క్షమించండని రాసిచ్చేస్తానమ్మా" అంది. "వద్దక్కా, అట్లా రాస్తే చేయని తప్పు ఒప్పుకున్నట్టే గదా" అన్నాను.

ఇద్దరం కూర్చుని లెక్క చూశాం. ఆ రోజు పొద్దున ఏడు కార్డులకి బియ్యం ఇచ్చింది. కార్డుకి నలుగురు, మనిషికి 5 కిలోలు, అంటే కార్డుకి 20 కిలోలు. ఏడు కార్డులకి 140. మిషన్‌లో ఏడు వేలిముద్రలూ ఉన్నాయి. అక్క రిజిస్టరు సాయంత్రం రాస్తుంది, అంతే. ముందే అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

అందుకే అడగాలని చట్టం చెప్తుంది. దీన్ని సహజ న్యాయం అంటారు. 1977లో మేనకా గాంధీ గారి పాస్‌పోర్టుని ప్రభుత్వం తీసేసుకుంది, కారణం చెప్పలేదు. 1978లో సుప్రీంకోర్టు ఏమందంటే, వినాలని చట్టంలో రాసి లేకపోయినా, మనిషికి నష్టం చేసే ముందు ఆమె మాట వినాలి. మరీ అత్యవసరమైతే, చేసిన వెంటనే అయినా వినాలి. కాబట్టి విచారణ అయ్యేదాకా షాపుని తాత్కాలికంగా ఆపొచ్చు. పూర్తిగా రద్దు చేయాలంటే మాత్రం ముందు నోటీసు ఇవ్వాలి.

అక్క పై అధికారికి అప్పీలు పెట్టుకుంది. వినకుండా చేశారని రద్దు కొట్టేశారు. కానీ అక్కలూ, దాంతో షాపు మనదైపోయినట్టు కాదు. నోటీసిచ్చి మళ్ళీ విచారణ చేయమని వెనక్కి పంపారు, అంతే. అసలు పని అప్పుడే మొదలైంది.

ఈసారి వచ్చిన నోటీసులో "అవకతవకలు" అని మాత్రమే ఉంది. ఏ తప్పో తెలియకుండా జవాబు ఎట్లా రాస్తాం? పంచనామా నకలు కావాలని, అది అందాక జవాబుకి గడువు కావాలని గడువులోపే అర్జీ ఇచ్చాం. మన కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్నాం. ఆ ముద్ర లేకపోతే రేపు మీరసలు జవాబే ఇవ్వలేదంటారు. నకలు వచ్చాక 140 కిలోల లెక్క రాసి, మిషన్ స్లిప్పులు జతచేశాం. విచారణ రోజు అక్క తప్పకుండా వెళ్ళింది. పోకపోతే, అవకాశం ఇచ్చినా రాలేదని రాసేసుకుంటారు.

చివరి ఆర్డరులో మన జవాబు గురించి, స్లిప్పుల గురించి రాసి, షాపు తిరిగి ఇచ్చారు. "జవాబు సంతృప్తికరంగా లేదు" అని ఒక్క ముక్కతో వదిలేస్తే అది కూడా విననట్టే. దాని మీదా అప్పీలుకి పోవచ్చు.

పింఛను ఆపినా, కార్డు తీసేసినా ముందు ఇదే అడగండి: నాకు నోటీసు ఏదీ? సెలవు.