ఎన్‌సీ రాయడం ఎలా?

అమీన్‌పూర్‌లో ఇల్లు, పటాన్‌చెరులోనో పాశమైలారంలోనో బొల్లారంలోనో ఉద్యోగం. ఈ ప్రసంగం వింటున్న చాలామంది అలాంటివాళ్లే అయ్యుంటారు. క్వాలిటీ విభాగంలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పక్క విభాగాన్ని ఆడిట్ చేసి, దొరికిన లోపం మీద నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్టు రాయక తప్పదు. మనమంతా ఎన్‌సీ అని పిలిచేది దాన్నే. అది ఎలా రాయాలో ఇవాళ ఒక ఉదాహరణతో చూద్దాం.

షాఫ్టులు తయారుచేసే ఒక మెషినింగ్ యూనిట్ ఉందనుకోండి. మే 9న మీరు ఆడిట్‌కు వెళ్లారు. రెండో లేత్ దగ్గర 7వ నంబరు మైక్రోమీటర్ కనిపించింది. కాలిబ్రేషన్ గడువు మార్చి 12తో అయిపోయిందని దాని స్టిక్కరే చెబుతోంది. ఆపరేటర్ మాత్రం దాంతోనే కొలుస్తున్నాడు. సాయంత్రం కూర్చుని మీరు ఇలా రాశారు: "కాలిబ్రేషన్ సరిగా లేదు. ఆపరేటర్లకు శిక్షణ ఇవ్వాలి."

ఇది చదివినవాళ్లకు ఏ పరికరమో తెలియదు, ఒకటో పదో తెలియదు. ఏ నియమం తప్పారో అసలే తెలియదు. వారం తిరిగేసరికి ఆ విభాగం వాళ్లు "మా దగ్గర అంతా బాగానే ఉంది" అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

కాబట్టి ముందు సాక్ష్యం రాయండి. "మే 9న రెండో లేత్ దగ్గర 7వ నంబరు మైక్రోమీటర్ వాడుకలో ఉంది. స్టిక్కర్ ప్రకారం గడువు మార్చి 12. ఆ రోజు తనిఖీ రిజిస్టర్‌లో 40 మిల్లీమీటర్ల షాఫ్టుల కొలతలు ఈ పరికరంతోనే నమోదయ్యాయి. చూసిన 12 పరికరాల్లో గడువు దాటినది ఇదొక్కటే." మనిషి పేరు రాయకండి, ఆపరేటర్ అంటే చాలు. రాసుకున్న వివరాలను అక్కడే సూపర్‌వైజర్‌కు చూపించి ఔననిపించుకోండి. తర్వాత వాదన ఉండదు.

రెండోది, తప్పిన నియమం. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. "ఐఎస్ఓ ప్రకారం ఏడాదికోసారి కాలిబ్రేషన్ చేయించాలి" అని రాసేస్తారు. ఐఎస్ఓ 9001లో ఎక్కడా ఏడాది అని లేదు. 2015 ప్రతిలోని 7.1.5.2 క్లాజు చెప్పేది ఏమిటంటే, కొలతలను ప్రామాణికాలతో ముడిపెట్టి చూపాల్సిన చోట, పరికరాన్ని నిర్ణయించిన వ్యవధుల్లో గానీ వాడే ముందు గానీ కాలిబ్రేట్ చేయాలి లేదా సరిచూడాలి. ఆ వ్యవధి ఎంతో నిర్ణయించుకునేది కంపెనీయే. ఈ యూనిట్ పరికరాల జాబితాలో 12 నెలలు అని ఉంది. అందుకే క్లాజు నంబరుతో పాటు ఆ జాబితానూ చూపించాలి. వాళ్లు తప్పింది వాళ్లు రాసుకున్న మాటనే.

మూడోది, కోరే చర్య. ఏం చేసి చూపించాలో అడగండి, ఎలా చేయాలో చెప్పకండి. కారణం ఇంకా ఎవరూ వెతకలేదు కదా, శిక్షణే మందు అని ముందే ఎలా అంటాం? సర్టిఫికేషన్ సంస్థల ఆడిటర్లయితే కారణం గానీ పరిష్కారం గానీ సూచించకూడదని ఐఎస్ఓ 17021 నియమమే ఉంది.

అడగాల్సినవి మూడు. ఆ మైక్రోమీటర్‌ను వెంటనే పక్కన పెట్టి కాలిబ్రేషన్‌కు పంపాలి. అది తప్పు చూపిస్తోందని తేలితే, మార్చి 12 తర్వాతే కాదు, కిందటి కాలిబ్రేషన్ నుంచి దాంతో పాసైన షాఫ్టుల సంగతి తేల్చాలి. గడువు ఎందుకు దాటిపోయిందో కారణం కనిపెట్టి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో ఫలానా తేదీలోగా రాసివ్వాలి.

రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు, అసలు నష్టం ఉన్నది అక్కడే. డ్రాయింగ్‌లో 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూ 0.02 వరకే అనుమతి ఉందనుకుందాం. మైక్రోమీటర్ 0.03 తక్కువ చూపిస్తోందని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. అంటే 40.00 అని రాసుకుని పాస్ చేసిన షాఫ్టు నిజానికి 40.03, రిజెక్ట్ కావాల్సినది. స్టోర్లో ఉన్న సరుకును మంచి మైక్రోమీటర్‌తో మళ్లీ కొలవచ్చు. వెళ్లిపోయిన సరుకు గురించి కస్టమర్‌కు చెప్పాలి.

ఇక జవాబు వస్తుంది: "ఆపరేటర్ గమనించలేదు, మందలించాం." దీన్ని ఒప్పుకోకండి. గడువు దగ్గర పడుతున్న పరికరాలను షాపు నుంచి వెనక్కి తెప్పించే బాధ్యత ఎవరిదని అడగండి. ఎవరిదీ కాదని తేలితే కారణం దొరికినట్టే.

చివరగా, 7వ నంబరుకు కొత్త స్టిక్కర్ పడింది కదా అని ఎన్‌సీ మూసేయకండి. రెండు మూడు నెలలు ఆగి, ఈలోగా గడువు వచ్చిన మిగతా పరికరాలు సమయానికి కాలిబ్రేషన్‌కు వెళ్లాయో లేదో చూడండి. వెళ్లి ఉంటేనే సంతకం పెట్టండి.