వోరికోనజోల్ లెవెల్: 0.3 నుంచి 7.4కి ఎలా వెళ్లింది?

నేను క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. ఈ ఎపిసోడ్‌లో ఆస్పర్‌జిలోసిస్‌కి వాడే వోరికోనజోల్ గురించి ఒక పేషెంట్ కేసుతో మాట్లాడుకుందాం.

ఆయనకి 52 ఏళ్లు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గింది కానీ, ఊపిరితిత్తిలో ఒక గుంతలాంటి ఖాళీ మిగిలిపోయింది. అలాంటి చోట ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ పెరగొచ్చు. దగ్గు, కఫంలో రక్తం, బరువు తగ్గడం... చూడ్డానికి టీబీలాగే ఉంటుంది. అందుకే ఆయనకి మళ్లీ టీబీ మందులు ఇచ్చారు. కఫం పరీక్షల్లో మాత్రం టీబీ దొరకలేదు. తర్వాత రక్తపరీక్ష, స్కాన్ చూసి ఇది ఫంగస్ అని తేల్చారు. టీబీ మందులు ఆపిన మర్నాడే వోరికోనజోల్ 200 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు మొదలైంది.

వారం తర్వాత రక్తంలో మందు లెవెల్ చూస్తే 0.3. సాధారణంగా లీటరుకి 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని చూస్తాం. ఆయన ఒక్క ట్యాబ్లెట్ కూడా మానలేదు. మరి మందు ఎటు పోయింది?

కారణం టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్. వోరికోనజోల్‌ని కరిగించేసే లివర్ ఎంజైములని అది బాగా పెంచేస్తుంది. రెండూ కలిపి వాడితే ఒంటికి అందే వోరికోనజోల్ దాదాపు 96 శాతం తగ్గిపోతుంది. అందుకే ఈ రెండూ కలిపి ఇవ్వకూడదు. రిఫాంపిసిన్ ఆపినా ఆ ప్రభావం సుమారు రెండు వారాలు ఉంటుంది.

డాక్టర్ డోసు 300కి పెంచి, ఐదు రోజులకి మళ్లీ లెవెల్ చూపించమన్నారు. ఆయన రాలేదు. మూడు వారాల తర్వాత ఇంట్లోవాళ్లు తీసుకొచ్చారు. గోడ మీద మనుషులు కదులుతున్నారని అంటున్నాడట. లెవెల్ 7.4. లివర్ ఎంజైములు కూడా పెరిగాయి.

ఇక్కడ రెండు విషయాలు కలిశాయి. ఒకటి, ఈలోగా రిఫాంపిసిన్ ప్రభావం పోయింది. రెండోది, ఈ మందు లెక్క సూటిగా ఉండదు. డోసు 200 నుంచి 300 అంటే ఒకటిన్నర రెట్లే, కానీ ఒంటికి అందేది సగటున రెండున్నర రెట్లు అవుతుంది.

ట్యాబ్లెట్ వేసుకున్న కాసేపటికి వెలుగు, రంగులు తేడాగా కనిపించడం చాలామందికి ఉంటుంది, త్వరగానే పోతుంది. లేనివి కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఈయనకి ఒక డోసు ఆపి, మళ్లీ 200 చేశారు. వారానికి లెవెల్ 2.6కి వచ్చింది, ఆ మనుషులూ మాయమయ్యారు.

ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే, లెవెల్ పరీక్షకి రక్తం పొద్దున ట్యాబ్లెట్ వేసుకోకముందే ఇవ్వాలి. వేసుకున్నాక ఇస్తే లెవెల్ ఎక్కువగా కనిపించి, డోసు తప్పుగా తగ్గించే ప్రమాదం ఉంది. అలాగే ఇప్పుడు వాడేవే కాదు, గత నెలలో ఆపేసిన మందులు కూడా ఏ తేదీన ఆపారో ఫోన్‌లో రాసిపెట్టుకుని డాక్టర్‌కి చూపించండి. ఈ కేసులో 0.3 ఎందుకొచ్చిందో చెప్పింది ఆ తేదీనే.